కొలబద్ద, చిన్నల్లుడు, మూడు వృత్తాలు

ఆఫీసులో అందరూ అతన్ని కొలబద్ద అనేవారు. ముఖం మీద అనకపోయినా, వినపడేంత దగ్గర్లోనే అనేవారు. నగర రవాణా సంస్థ మూడో అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఇరవై రెండేళ్ళుగా పటాలు గీస్తున్నాడు. మొదట్లో ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో గీసేవాడు. కంప్యూటర్లు వచ్చాక వాటిమీద గీశాడు. పరికరం మారింది గానీ మనిషి మారలేదు. బస్టాపు గుర్తు అరమిల్లీమీటరు పక్కకి జరిగినా అతనికి ఆ పూట భోజనం సహించేది కాదు. పటంలో తప్పు దొరకదు, మాటలో నవ్వు దొరకదు అని టైపిస్టు ఒకావిడ అతని గురించి అంటుండేది. రెండోదాన్ని అతను పట్టించుకోలేదు. మొదటిది చాలనుకున్నాడు.

అతనికి ఒక రహస్యం తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట కొత్తగా వచ్చిన డైరెక్టరు ఒక మధ్యాహ్నం అతన్ని ఒంటరిగా గదిలోకి పిలిచి, బల్లమీద బస్సు రూట్ల పటం పరిచి, "వీటిలో మూసేసిన రూట్లేవి?" అని అడిగాడు. నడుస్తున్న రూట్లు ఆకుపచ్చ, మూసేసినవి ఎరుపు అని పటం మూల స్పష్టంగా రాసే ఉంది. డైరెక్టరు వేలు ఆ మూలకి వెళ్ళింది, రూటు మీదకి వచ్చింది, మళ్ళీ మూలకి వెళ్ళింది. కొలబద్ద ఆ వేలినే చూశాడు. ఏమీ అడగలేదు. "గంటలో తెస్తాను సార్" అని పటం తీసుకుపోయి, మూసేసిన రూట్లన్నీ ముక్కలు ముక్కలుగా తెగిన గీతలుగా మార్చి, ఒక్కో రూటు మీద దాని నంబరు రాసి తెచ్చాడు. డైరెక్టరు చాలాసేపు చూసి, "ఇలా ఉండాలి" అన్నాడు.

అంతే. ఎరుపూ ఆకుపచ్చా ఆయనకి ఒకేలా కనిపిస్తాయన్న మాట ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. కానీ ఆ రోజునుంచీ ఏ పటమైనా, ఏ స్లైడైనా ముందు కొలబద్ద బల్లమీదకి వచ్చి, తర్వాతే డైరెక్టరు గదిలోకి వెళ్ళేది. ఆ సంగతి అతను భార్యకి కూడా చెప్పలేదు. ఉద్యోగంలో అతనికి దొరికిన గౌరవం అదొక్కటే. దాన్ని ఎవరితోనూ పంచుకోవాలనిపించలేదు.

ఇలా ఉండగా చిన్నల్లుడు వచ్చాడు.

చిన్నల్లుడంటే కొలబద్ద తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. ప్రకటనలు తయారుచేసే కంపెనీలో పనిచేసేవాడు. ఆ కంపెనీ మూతపడింది. "మీ ఆఫీసులో ఒక ఖాళీ ఉందన్నారు కదండీ, ఒక్క మాట చెప్పకూడదూ?" అని భార్య వారం రోజులు అడిగింది. కొలబద్ద చెప్పాడు. తనే దరఖాస్తు తెచ్చి, తనే నింపించి, తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ పూట తన చెయ్యి ఎందుకు విరిగిపోలేదా అనుకున్నాడు.

ఎందుకంటే నెల తిరక్కుండానే చిన్నల్లుడు అందరివాడైపోయాడు. టీ తెచ్చే ఆవిడ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అడిగేవాడు. టైపిస్టు కూతురి పరీక్ష తేదీ గుర్తుపెట్టుకునేవాడు. ఒకరోజు అతనేదో అంటే డైరెక్టరు పకపకా నవ్వాడు. కిటికీ పక్క బల్ల దగ్గర కొలబద్దకి ఆ నవ్వు వినబడి, గీస్తున్న గీత వంకరపోయింది. ఎనిమిదేళ్ళలో ఆయన తన మాటకి ఒక్కసారైనా నవ్వాడా అని లెక్కవేసుకున్నాడు. నవ్వలేదు. తను నవ్వించే మాట ఒక్కటీ అనలేదన్న సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

పోనీ ఇంటి దగ్గరైనా ఊరట ఉందా? ఆదివారం ఆదివారం అల్లుళ్ళిద్దరూ అత్తగారింట్లో భోంచెయ్యడం అలవాటు. ఫ్యాను కింద కుర్చీ పదిహేనేళ్ళుగా కొలబద్దది. ఒక ఆదివారం అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి అందులో చిన్నల్లుడు కూర్చుని ఉన్నాడు. అతను గబుక్కున లేవబోతే అత్తగారు, "మీరు కూర్చోండి బాబూ, ఎండన పడి వచ్చారు. పెద్దల్లుడుగారికి చెమట పట్టదులెండి" అంది. అందరూ నవ్వారు. కొలబద్దా నవ్వాడు.

"చిన్నల్లుడుగారు చేసిన బొమ్మలు వాటంతటవే కదుల్తాయటగా?" అంది అత్తగారు.

"అదేముందత్తయ్యా, మీట నొక్కితే కదుల్తాయి. అన్నయ్య గీసినంత శుభ్రంగా గియ్యడం నాకెక్కడొస్తుంది?" అన్నాడు చిన్నల్లుడు.

అతను నిజంగానే అలా అనుకుంటున్నాడని కొలబద్దకి తెలుసు. ఒళ్ళు మండేది అక్కడే. ఎదుటివాడు గర్విష్ఠి అయినా బావుండేది.

ఆ ఏడు సంస్థ ఒక సర్వే చేయించింది. వెయ్యీ ఇరవై మంది ప్రయాణికుల్ని రోజూ దేనిమీద పనికి వెళ్తారని అడిగారు. బస్సు, రైలు, సైకిలు, వీటిలో ఏ రెండు కలిపి వాడతారు, మూడూ వాడేవాళ్ళెందరు అని. బస్సుకీ రైలుకీ కలిపి ఒకే పాసు ఇవ్వాలని డైరెక్టరు కోరిక. దానికి నగర సభ ఒప్పుకోవాలి. సభలో చూపించే స్లైడులో మూడు వృత్తాలు ఒకదానిమీద ఒకటి పడేలా వెయ్యాలి. బస్సు వృత్తమూ రైలు వృత్తమూ కలిసిన చోట ఉన్నవాళ్ళే ఈ పాసు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. ఆ ముక్కని సభ్యులు కళ్ళారా చూస్తే చాలు, మిగతా మాటలు అక్కర్లేదు.

అలాంటి పని వస్తే తనకే వస్తుందని కొలబద్ద కొత్త ఫైలు తెరిచి కూర్చున్నాడు. డైరెక్టరు స్వయంగా అతని బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఈసారి మీ తోడల్లుణ్ణి చెయ్యనిద్దాం. కాస్త కళగా ఉంటుంది. మీరు ఒక్కసారి చూడండి, అది చాలు."

"అలాగే సార్."

కళగా ఉంటుంది. ఆ మాట కొలబద్ద చెవిలో చీమలా దూరి మూడు రోజులు తిరిగింది.

సభకి ముందురోజు సాయంత్రం అయిదింటికి చిన్నల్లుడు లాప్‌టాప్ చేత్తో పట్టుకుని వచ్చాడు. "అన్నయ్యా, ఒక్క నిమిషం. ఎలా ఉందో చెప్పండి."

స్లైడు అందంగా ఉంది. అది ఒప్పుకోక తప్పదు. తెల్లటి నేపథ్యం మీద ఎడమవైపు ఎర్ర వృత్తం, కుడివైపు ఆకుపచ్చ వృత్తం, కింద నీలం వృత్తం. మూడూ రంగు గాజుపలకల్లా, ఒకదాని వెనక ఒకటి కనబడుతూ, కలిసిన చోటల్లా కొత్త రంగు తేలుతోంది. ఏడు ముక్కల్లో ఏడు అంకెలు. కుడి అంచున ఏడు చిన్న చిన్న రంగు గళ్ళు, ఒక్కోదాని పక్కన ఒక్కో మాట: బస్సు మాత్రమే, రైలు మాత్రమే, బస్సు రైలు రెండూ, ఇలా.

"ముందు పేర్లు లోపలే రాశానన్నయ్యా. మధ్య ముక్కలో ఇరుక్కుపోయి అసహ్యంగా కనిపించాయి. అందుకే తీసేసి పక్కన పట్టిక పెట్టాను. నీటుగా ఉంది కదా?"

కొలబద్ద చూశాడు. ఒక్క చూపులో అంతా కనిపించింది. ఎడమ వృత్తం, కుడి వృత్తం డైరెక్టరుగారికి ఒకే మట్టిరంగులో కనిపిస్తాయి. అవి కలిసిన ముక్కా అంతే. ఏది బస్సో ఏది రైలో చెప్పే మాట బొమ్మమీద ఎక్కడా లేదు. ఆ సంగతి ఉన్నదల్లా పక్క పట్టికలో, అదీ రంగు గళ్ళలో. ఆయన వేలు ఆ గళ్ళ దగ్గరికి వెళ్ళి మళ్ళీ వృత్తం మీదకి రావడం కొలబద్దకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

నాలుక చివరిదాకా వచ్చింది. రంగులు మార్చు, పేర్లు లోపల పెట్టు. ఇంతే అనాల్సింది. ఎందుకో కూడా చెప్పక్కర్లేదు.

"బావుంది" అన్నాడు.

"ఏమైనా మార్చాలా?"

"ఏం అక్కర్లేదు."

చిన్నల్లుడు సంతోషంగా ఊపిరి వదిలాడు. "మీరు బావుందన్నారంటే ఇంక భయంలేదు" అని వెళ్ళిపోయాడు. పది నిమిషాలకి డైరెక్టరు బ్యాగు భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు. "స్లైడు చూశారా?"

"చూశాను సార్."

"అయితే సరే."

మర్నాడు సభా మందిరంలో నలభై మంది సభ్యులు. కొలబద్ద వెనక వరసలో గోడవారగా కూర్చున్నాడు. తను చేసినదేమీ లేదని, అందంగా ఉన్నదాన్ని బావుందన్నాను, అంతేనని తనకు తను చెప్పుకుంటున్నాడు. కానీ చూపు తెరమీదనుంచి తిప్పలేకపోయాడు. భయమో, సరదాయో అతనికే తెలియలేదు. సరదా కూడా ఉందన్నది నిజం.

డైరెక్టరు తెర ముందు నిలబడి, చేతిలో లైటు చుక్కని వృత్తాల మీద ఆడించాడు. ఒక క్షణం పట్టికవైపు చూశాడు. మళ్ళీ వృత్తాలవైపు. తర్వాత ధైర్యం చేసి కుడి వృత్తం మీద చుక్క పెట్టాడు.

"ఇది బస్సు. బస్సు ఒక్కటే ఎక్కేవాళ్ళు నూటయాభై మంది. ఇటువైపు రైలు. రైలు ఒక్కటే ఎక్కేవాళ్ళు మూడువందల పది."

ముందు వరసలో ఒక సభ్యురాలు సర్వే నివేదిక తిరగేసింది. "క్షమించాలి. నాలుగో పేజీలో దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. బస్సు మూడువందల పది, రైలు నూటయాభై."

"అది... ఒక్క నిమిషం." చుక్క మళ్ళీ పట్టిక మీదకి వెళ్ళింది. ఎర్ర గడి దగ్గర ఆగింది, ఆకుపచ్చ గడి దగ్గర ఆగింది. "బస్సూ సైకిలూ రెండూ వాడేవాళ్ళు నలభై..."

"తొంభై అని ఉందండీ ఇక్కడ. నలభై రైలూ సైకిలూ వాళ్ళు."

పక్కనున్న సభ్యుడు తన చేతిలోని జిరాక్సు పైకెత్తాడు. "నా కాగితంలో అయితే ఏడు గళ్ళూ బూడిద రంగే. ఏది ఏదో మీరు చెబుతారనుకుంటే మీకే తెలియట్లేదు!"

మందిరంలో నవ్వులు లేచాయి. అధ్యక్షురాలు బల్లమీద పెన్నుతో తట్టింది. "ముందు మీ బొమ్మనీ మీ నివేదికనీ కూర్చుని మాట్లాడుకోమనండి. భోజనాల తర్వాత మూడింటికి మళ్ళీ వింటాం. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ అంశం వచ్చే ఏడాదికి."

డైరెక్టరు లైటు ఆర్పి, కాగితాలు సర్దుకుని, ఎవరివంకా చూడకుండా కిందికి దిగాడు. ఆ నడక చూశాక కొలబద్దలో సరదా అన్నది ఎక్కడికి పోయిందో పోయింది. దెబ్బ తగలాల్సినవాడికి కాక పక్కవాడికి తగిలింది. ఎనిమిదేళ్ళుగా తను అడ్డుపెట్టిన చెయ్యి ఇవాళ తనే తీసేశాడు.

తెర వెనక చిన్న గదిలో చిన్నల్లుడు లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. "అంకెలన్నీ కరెక్టే అన్నయ్యా! పదిసార్లు చూశాను. సార్ ఎందుకలా చదివారో అర్థం కావట్లేదు. నా ఉద్యోగం పోయినట్టే."

"లే. పక్కకి జరుగు" అన్నాడు కొలబద్ద. "గంటన్నర టైముంది. రంగుని చూసి పేరు వెతుక్కోవాల్సిన బొమ్మ బొమ్మే కాదు. పేరు ఎక్కడి ముక్కలో అక్కడే ఉండాలి."

"మధ్యలో పట్టట్లేదు కదా!"

"పట్టేలా చెయ్యాలి."

మొదట రంగులు మార్చాడు. బస్సుకి నీలం, రైలుకి పసుపు కలిసిన నారింజ, సైకిలుకి బూడిద. నింపిన రంగు ఎంత పల్చగా ఉండాలో చెప్పే ట్రాన్స్‌పరెన్సీ నలభై శాతం ఉంటే అరవై అయిదుకి పెంచాడు. మూడు పొరలు పడే చోట మరీ చిక్కబడకూడదు, అక్షరం మునిగిపోతుంది. తర్వాత వృత్తాలు మూడింటినీ దగ్గరకి జరిపాడు. మధ్య ముక్క పెద్దదైంది. ఇంకొంచెం జరిపితే బయటి ముక్కలు నెలవంకల్లా సన్నబడ్డాయి. వెనక్కి లాగాడు. బయటివాటిలోనూ మధ్యదాంట్లోనూ రెండు వరసలు పట్టేదాకా అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాడు. ఆ పనిలో ఉన్నంతసేపూ అతనికి కుళ్ళు గుర్తురాలేదు.

చిన్నల్లుడు వృత్తం మీద క్లిక్ చేసి, అందులోనే బస్సు అని టైపు చేశాడు.

"అలా కాదు. వృత్తంలో రాస్తే ఆ మాట వృత్తంతోపాటే వెనక పొరలో ఉండిపోతుంది. పైనున్న వృత్తాల రంగు దానిమీద పడి మసకేస్తుంది. ఏడు మాటలకీ ఏడు విడి పెట్టెలు పెట్టు. పెట్టెలకి రంగొద్దు. అన్నిటినీ అన్నిటికన్నా ముందుకి తే."

"తెల్ల అక్షరాలా?"

"నల్లటివి. ఆ హాల్లో దీపాలు ఆర్పరు. తెల్లవి తెరమీద కరిగిపోతాయి."

మాటలు కుదించారు. "బస్సు, రైలు రెండూ వాడేవారు" అన్నది "బస్సు + రైలు" అయింది, దానికింద పెద్దగా 240. నడిమధ్య ముక్కలో "మూడూ", కింద 50. వృత్తం బయట, దాన్ని ఆనుకుని, "బస్సు - మొత్తం 690" అని రాశాడు కొలబద్ద. లోపలి అంకె ఆ ముక్కది మాత్రమే, బయటిది వృత్తం మొత్తానిదీ అని తెలియాలి కదా. రైలు 480, సైకిలు 320. నాలుగు ముక్కలు కలిపితే ఆ మొత్తం వస్తోందో లేదో వేళ్ళమీద చూసుకున్నాడు. కింద ఒక వరసలో, వృత్తాల సైజు జనం సంఖ్యని బట్టి వేసింది కాదని రాశాడు. రంగుల పట్టిక తీసేశాడు.

అయినా ఏదో లోటుంది. మధ్యలో నీలం వృత్తం అంచు, పైనున్న నారింజ కిందకి వెళ్ళి పల్చబడిపోతోంది. ఎవరి హద్దు ఎక్కడో కన్ను వెతుక్కుంటోంది. కొలబద్ద గీత మందం పెంచాడు. లాభం లేదు. వృత్తాల వరస మార్చాడు. ఒకటి బాగుపడితే ఇంకొకటి పోయింది.

"మూడు వృత్తాలకీ నకళ్ళు తీద్దామన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "నకళ్ళకి రంగు నింపొద్దు, అంచు గీత మాత్రమే ఉంచి, రంగు వృత్తాల మీద సరిగ్గా అక్కడే పెడదాం. మాటలు వాటిమీద."

అరనిమిషంలో చేసి చూపించాడు. మూడు అంచులూ ఎక్కడా తెగకుండా, కలిసిన చోట కూడా కడిగినట్టు కనిపించాయి. ఇరవై రెండేళ్ళలో కొలబద్దకి తట్టని ఉపాయం అది. "ఊఁ. బానే ఉంది" అన్నాడు, ఆ రెండు మాటలూ పళ్ళ మధ్యనుంచి లాగి.

హాలు ఖాళీగా ఉంది. తెరమీద వేసి, దీపాలన్నీ ఉంచి, చిన్నల్లుడు చిట్టచివరి వరసకి పరిగెత్తి అక్కడినుంచి గట్టిగా చదివాడు. "బస్సు మాత్రమే, మూడొందల పది! రైలు సైకిలు, నలభై! మూడూ, యాభై!" రైలు సైకిలు దగ్గర కాస్త తడుముకున్నాడు. కొలబద్ద ఆ అక్షరాలు రెండు సైజులు పెంచాడు. తర్వాత నలుపు తెలుపులో ఒక కాగితం ముద్రించి చూశారు. రంగులు పోయినా ఒక్క మాట పోలేదు.

మూడింటికి డైరెక్టరు తెర ముందుకొచ్చి స్లైడుని ఒకసారి పైనుంచి కిందకి చూశాడు. గొంతు సర్దుకున్నాడు. ఈసారి చుక్క ఎక్కడా తడబడలేదు. బస్సు రైలు కలిసిన ముక్క మీద పెట్టి, "ఇక్కడ రెండువందల నలభై, ఈ నడిమి యాభై కలిపితే రెండువందల తొంభై మంది. ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు రోజూ రెండు పాసులు జేబులో పెట్టుకు తిరుగుతున్నారు" అన్నాడు. పొద్దున జిరాక్సు ఎత్తి చూపించిన సభ్యుడే మొదట చెయ్యెత్తి సరేనన్నాడు.

అధ్యక్షురాలు బొమ్మ ఎవరు చేశారని అడిగింది. డైరెక్టరు చిన్నల్లుణ్ణి చూపించాడు. అతను లేచి నిలబడి, "నేను చేసింది పొద్దున మీరు చూశారండీ. ఇది మా అన్నయ్య చేశాడు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇరవై రెండేళ్ళలో కొలబద్దకి కొట్టిన మొదటి చప్పట్లు. కానీ అవి తన సంపాదనలా లేవు. చిన్నల్లుడు తన జేబులోంచి తీసి ఇచ్చినట్టున్నాయి. ఇవ్వడంలో కూడా వీడే ముందు అనుకున్నాడు.

అందరూ వెళ్ళాక వరండాలో డైరెక్టరు అతని పక్కన ఆగాడు.

"నిన్న మీరు చూశారు కదా?"

"చూశాను సార్."

డైరెక్టరు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఎనిమిదేళ్ళుగా మీరు చూశారంటే నేనింక చూడను. నిన్నా చూడలేదు."

పొరపాటైంది అందామనుకున్నాడు కొలబద్ద. పొరపాటు కాదని ఇద్దరికీ తెలుసు.

"నా సంగతి ఆయనకి చెప్పండి" అన్నాడు డైరెక్టరు. "నేను చెప్పుకోలేను. మీరు చెప్పండి. ఇకమీద ఇద్దరికీ తెలిసి ఉండాలి." కళ్ళజోడు పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది.

చిన్నల్లుడు కింద మోటారు సైకిలు దగ్గర నిలబడ్డాడు. రోజూ కొలబద్దని ఇంటిదగ్గర దింపి వెళ్ళేది అతనే. మొహం వెలిగిపోతోంది. "ఎక్కండన్నయ్యా! ఇవాళ మీవల్ల బతికిపోయాను."

కొలబద్ద ఎక్కలేదు. అక్కడే నిలబడి చెప్పాడు. ఎరుపూ ఆకుపచ్చా సంగతి, ఎనిమిదేళ్ళ కిందటి పటం సంగతి. చిన్నల్లుడు వింటూ వింటూ చేతిలోని తాళంచెవి తిప్పడం ఆపేశాడు.

"అంటే నిన్న సాయంత్రం నేను చూపించినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"బావుందన్నారు."

"అన్నాను."

"ఆ గదిలో నా ఉద్యోగం పోయిందని ఏడుస్తుంటే పక్కనే ఉన్నారు. అప్పుడు కూడా చెప్పలేదు." తాళంచెవి బండికి పెట్టాడు. "ఎందుకన్నయ్యా?"

ఎన్నో చెప్పొచ్చు. తొందరలో చూడలేదనొచ్చు. రహస్యం కాపాడాననొచ్చు. ఆ రెండోది వినడానికి బావుంటుంది కూడా.

"కుళ్ళు" అన్నాడు కొలబద్ద.

చిన్నల్లుడు బండి స్టార్ట్ చేసుకుని ఒక్కడే వెళ్ళిపోయాడు. కొలబద్ద బస్టాపుకి నడిచాడు.

ఆ ఆదివారం అత్తగారింట్లో చిన్నల్లుడు ఎప్పటిలాగే పిల్లల్ని నవ్వించాడు, అత్తగారి వంట మెచ్చుకున్నాడు. కూర గిన్నె కొలబద్దవైపు జరిపి, "తీసుకోండి సార్" అన్నాడు.

"సారేమిటి బాబూ, కొత్తగా?" అని అత్తగారు ఆశ్చర్యపోయింది.

"ఆఫీసు అలవాటత్తయ్యా."

ఇంటికొచ్చాక భార్య నిలదీసింది. కొలబద్ద ఆమెకీ చెప్పాడు. డైరెక్టరు సంగతి దాచి, తన సంగతి దాచకుండా. ఆమె ఉతికిన చీర మడతపెడుతూ, "నా చెల్లెలి సంసారం అండీ అది" అంది. ఆ తర్వాత దాన్ని మళ్ళీ ఎత్తలేదు. అతను ఆ మాటని ఏ పటంలోనూ సరిదిద్దలేని గీతలా మోసుకు తిరిగాడు.

పాసు నాలుగు నెలలకి అమల్లోకి వచ్చింది. డైరెక్టరు పటాలు మునుపటిలాగే పంపేవాడు గానీ, ఇప్పుడు కవరు మీద ఇద్దరి పేర్లూ ఉండేవి. చిన్నల్లుడు పనివరకే మాట్లాడేవాడు. సార్ నుంచి మళ్ళీ అన్నయ్య దాకా రావడానికి అతనికి వర్షాకాలం మొత్తం పట్టింది. ఒక రోజు ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, "అన్నయ్యా, కాస్త ఇటు పట్టుకోండి" అని నోరుజారాడు. ఇద్దరూ విననట్టే కాగితం లాగారు.

కుళ్ళు పోయిందని చెప్పడానికి లేదు. తర్వాతి ఏడు విభాగాధికారిగా చిన్నల్లుణ్ణే వేశారు. కొలబద్ద ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు. వారం తర్వాత చిన్నల్లుడు ఆస్పత్రులు, బడులు, బస్టాపుల మీద ఒక కొత్త స్లైడు చేశాడు. అడక్కుండానే కొలబద్ద అతని వెనక వచ్చి నిలబడ్డాడు. చాలా బావుంది. చాలా అందంగా ఉంది. బడులూ బస్టాపులూ కలిసిన ముక్కలో మాట మాత్రం, వెనకనున్న వృత్తం గీత మీదుగా పోయి సగం చదవడానికి రావట్లేదు. రేపు తెరమీద వేస్తే గానీ ఎవరికీ తెలియదు.

కొలబద్ద నోట్లో నాలుక ఒక నిమిషం అలాగే ఉంది.

"ఆ మాట కొంచెం ఎడమకి జరుపు" అన్నాడు. "గీత మీద పడుతోంది."